మంచు కరిగే గీత వెనక్కి ఎందుకు వాలింది?

కరిగిన నెయ్యిలో పేరుకున్న నెయ్యి ముద్ద వేస్తే అడుక్కి దిగుతుంది. కరిగిన మైనంలో గట్టి మైనం ముక్క వేసినా అంతే, మునుగుతుంది. ఐసుముక్క మాత్రం నీళ్ల మీద తేలుతుంది. మునగడం, తేలడం అనే ఈ ఒక్క తేడా చూసి, ఆ పదార్థాన్ని గట్టిగా నొక్కితే ఏమవుతుందో ముందే చెప్పేయవచ్చు. మునిగే రకమైతే, ఒత్తిడి పెరిగేకొద్దీ మామూలు కన్నా ఎక్కువ వేడి చేస్తే గాని కరగదు. తేలే రకమైతే, ఒత్తిడి పెరిగేకొద్దీ మామూలు కన్నా చల్లగా ఉండగానే కరిగిపోతుంది. ఎటు జరుగుతుందో చెప్పడమే కాదు, ఎన్ని డిగ్రీలు జరుగుతుందో కూడా రెండు కొలతలతో లెక్క కట్టవచ్చు. కరగడానికి పట్టే వేడి ఒకటి, కరిగినప్పుడు ఘనపరిమాణంలో వచ్చే మార్పు రెండోది.

ఈ లెక్కను బొమ్మగా గీస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కాగితం మీద అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా పీడనం వేసుకుందాం. ఎడమ వైపు చల్లన, కుడి వైపు వేడి. ఏ పీడనం దగ్గర ఏ ఉష్ణోగ్రతకు ఆ పదార్థం కరుగుతుందో చుక్కలు పెట్టుకుంటూ పోతే ఒక గీత వస్తుంది. గీతకు ఎడమన ఘనం, కుడిన ద్రవం. సరిగ్గా గీత మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఏదీ రెండోదాన్ని తగ్గించి తాను పెరగదు. మైనానికి ఆ గీత పైకి పోతూ కుడికి వాలుతుంది. దాదాపు అన్ని పదార్థాలదీ అదే దారి. నీటి గీత మాత్రం పైకి పోతూ ఎడమకు, అంటే వెనక్కి వాలుతుంది. బిస్మత్, గాలియం, సిలికాన్ లాంటి కొద్ది పదార్థాలు మాత్రమే ఈ విషయంలో నీటికి తోడు.

ఆ గీత వెనక్కి వాలుతుందని మొదట కనిపెట్టింది మంచును నొక్కి చూసినవాళ్లు కాదు. 1849లో జేమ్స్ థామ్సన్ అనే ఇంజనీరు కాగితం మీద ఆలోచించి చెప్పాడు. అతని తమ్ముడు విలియం థామ్సన్ అప్పటికే గ్లాస్గోలో ప్రొఫెసర్. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్‌గా ప్రపంచానికి తెలిసింది ఆయనే. అన్నదమ్ములిద్దరికీ ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో రాసిన సిద్ధాంతం మీద గట్టి నమ్మకం. వేడి నుంచి పని రాబట్టాలంటే ఒక వేడి చోటు, ఒక చల్లని చోటు రెండూ ఉండి తీరాలి, రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే అయితే ఏ యంత్రమూ నికరంగా పని చేయలేదు అన్నది దాని సారం. ఆ సిద్ధాంతం ప్రకారం సున్నా డిగ్రీల దగ్గర ఏ పనీ ఖర్చు పెట్టకుండా నీటిని మంచుగా మార్చవచ్చని విలియం తేల్చాడు. అన్న అక్కడ ఆగి ఒక చిక్కు పట్టుకున్నాడు. నీరు గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది కదా, ఉబ్బేటప్పుడు ఎంత బరువునైనా పైకి నెట్టగలదు కదా! పని ఖర్చు కాకుండా మంచు తయారై, ఆ మంచు మళ్లీ బరువులు ఎత్తిపెడితే, ఏమీ లేని చోట నుంచి పని పుట్టినట్టే. అది జరగదు. అలా జరగకుండా ఉండాలంటే దారి ఒక్కటే: బరువు కింద ఉన్న నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టకూడదు, ఇంకాస్త చల్లబడ్డాకే గడ్డకట్టాలి.

జేమ్స్ వాదాన్ని అంకెలతో నడిపిస్తే దాని బలం తెలుస్తుంది. ముషలకం బిగించిన ఒక స్తూపంలో ఒక కిలో నీరు ఉందనుకుందాం. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని ఒక అట్మాస్ఫియర్ అంటారు. ముషలకం మీద బరువులు పెట్టి, అదనంగా 100 అట్మాస్ఫియర్ల ఒత్తిడి తెచ్చి, నీటిని గడ్డకట్టిద్దాం. సున్నా డిగ్రీల దగ్గర కిలో నీరు పట్టే చోటు దాదాపు సరిగ్గా ఒక లీటరు. అదే కిలో మంచుకు 1.091 లీటర్లు కావాలి. అంటే గడ్డకట్టే క్రమంలో ముషలకం సుమారు 91 మిల్లీలీటర్ల మేర పైకి కదులుతుంది, దాంతో బరువులూ లేస్తాయి. ఇప్పుడు పైకి లేచిన బరువులను పక్కకు తీసేసి, మామూలు గాలి ఒత్తిడి కింద ఆ మంచును కరిగిద్దాం. ముషలకం మొదటి చోటికి దిగిపోతుంది. స్తూపంలో మళ్లీ అదే కిలో నీరు ఉంది, బరువులు మాత్రం పైన మిగిలాయి. మనకు దక్కిన పని అదే. అదనపు పీడనాన్ని 91 మిల్లీలీటర్లతో గుణిస్తే సుమారు 920 జౌళ్లు వస్తుంది.

ఇంత పని ఊరికే రాదు. కిలో మంచు కరగడానికి 3,33,600 జౌళ్ల వేడి పీల్చుకుంది, గడ్డకట్టేటప్పుడు దాదాపు అంతా విడిచిపెట్టింది. పీల్చుకున్న వేడిలో ఎన్నో వంతు పనిగా మారవచ్చో కార్నో సూత్రం కచ్చితంగా చెబుతుంది. రెండు చోట్ల ఉష్ణోగ్రతల తేడాను పరమ ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేది ఆ వంతే. ఇక్కడ 920ని 3,33,600తో భాగిస్తే 0.00276. మంచు కరిగే చోటి పరమ ఉష్ణోగ్రత 273 డిగ్రీలు. రెండింటినీ గుణిస్తే 0.75. అంటే 100 అట్మాస్ఫియర్ల బరువు కింద నీరు గడ్డకట్టేది సున్నా దగ్గర కాదు, మైనస్ 0.75 డిగ్రీల దగ్గర. ఒక్కో అట్మాస్ఫియరుకు 0.0075 డిగ్రీల తగ్గుదల. జేమ్స్ దగ్గర ఇప్పటి రూపంలో ఉన్న సూత్రం లేదు, వేడి అనేది నశించని ఒక పదార్థమనే పాత భావనతోనే ఆలోచించాడు, ఆవిరి యంత్రాల కోసం కొలిచిన అంకెల సాయంతో లెక్క కట్టాడు. అయినా అతనికి వచ్చిన జవాబు కూడా 0.0075 డిగ్రీలే.

మరుసటి ఏడాది తమ్ముడు దాన్ని ప్రయోగంతో పరీక్షించాడు. అంత చిన్న తేడా పాదరసం థర్మామీటరుకు అందదు కాబట్టి, ఈథర్ నింపిన చాలా సున్నితమైన థర్మామీటరు చేయించుకున్నాడు. ఒత్తిడి దాన్ని నొక్కి తప్పుడు కొలత చూపించకుండా గాజు గొట్టంలో పెట్టి మూసి, మంచూ నీరూ కలిసి ఉన్న బలమైన గాజు పాత్రలో దించాడు. 16.8 అట్మాస్ఫియర్ల దగ్గర ఫారన్‌హీట్ కొలతలో 0.232 డిగ్రీల తగ్గుదల కనిపించింది. అన్న లెక్క ప్రకారం రావలసింది 0.227. మంచును చేత్తో తాకకుండా చెప్పిన జోస్యం వందో వంతు డిగ్రీ కూడా తేడా రాకుండా నిలబడింది.

ఈ లెక్కనంతా ఒక్క వాక్యంలో చెప్పే సూత్రానికి ఫ్రెంచి ఇంజనీరు క్లాపేరాన్ పేరు ఉంది. ఆయన 1834లో ఆవిరి కోసం దాన్ని రాశాడు. పరమ ఉష్ణోగ్రతతో కూడిన ఇప్పటి రూపం తర్వాత క్లాసియస్, కెల్విన్‌ల కృషితో స్థిరపడింది.

dP/dT = ΔH / (T ΔV)

ఎడమ వైపున్నది గీత వాలు, అంటే ఒక డిగ్రీ జరగడానికి పీడనం ఎంత మారాలి అన్న లెక్క. ΔH అంటే ఎంథాల్పీ మార్పు. స్థిర పీడనం దగ్గర కరగడానికి పట్టే వేడి అదే, బడి పుస్తకాల్లో గుప్తోష్ణం అని చదువుకున్నదీ అదే. T పరమ ఉష్ణోగ్రత, ΔV కరిగినప్పుడు ఘనపరిమాణంలో వచ్చే మార్పు. మంచు కరగాలంటే వేడి ఇవ్వాల్సిందే కాబట్టి ΔH ధనాత్మకం. పరమ ఉష్ణోగ్రత ఎప్పుడూ ధనాత్మకమే. ఇక గీత కుడికి వాలాలా ఎడమకు వాలాలా అన్నది ΔV ఒక్కదాని చేతిలోనే ఉంది. మైనం కరిగితే ఉబ్బుతుంది, ΔV ధనాత్మకం, గీత కుడికి. మంచు కరిగితే కుంచించుకుపోతుంది, ΔV రుణాత్మకం, గీత ఎడమకు. నీటి అంకెలు వేస్తే వాలు డిగ్రీకి మైనస్ 133 అట్మాస్ఫియర్లు వస్తుంది. బొమ్మలో అది దాదాపు నిటారుగా నిలబడి, కొద్దిగా వెనక్కి ఒరిగిన గీత.

అదే సూత్రాన్ని నీరు మరిగే గీతకు పెడితే బొమ్మ పూర్తిగా మారిపోతుంది. వంద డిగ్రీల దగ్గర కిలో నీరు ఆవిరైతే సుమారు 1,670 లీటర్లు ఆక్రమిస్తుంది. మంచు విషయంలో మార్పు 91 మిల్లీలీటర్లు, ఇక్కడ వేల లీటర్లలో. ఆవిరి కావడానికి పట్టే వేడి మంచు కరగడానికి పట్టేదానికి ఏడు రెట్ల లోపే. హారంలో అంత పెద్ద సంఖ్య ఉండటంతో వాలు బాగా తగ్గిపోయి, డిగ్రీకి 0.036 అట్మాస్ఫియరు వస్తుంది. అందుకే ప్రెషర్ కుక్కర్‌లో ఒక్క అట్మాస్ఫియరు అదనంగా పెరిగితే చాలు, నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగి కందిపప్పును త్వరగా ఉడికిస్తుంది. అదే ఒక్క అట్మాస్ఫియరు మంచు మీద పెడితే 0.0075 డిగ్రీలే జరుగుతుంది.

ఇంతకీ మంచు ఎందుకు అంత చోటు పట్టుకుంటుంది? మంచులో ప్రతి నీటి అణువూ హైడ్రోజన్ బంధాలతో సరిగ్గా నాలుగు పొరుగు అణువులను పట్టుకుని ఉంటుంది. ఆ నాలుగూ ఒక చతుర్ముఖి మూలల్లో, నిర్ణీతమైన కోణాల్లో కూర్చోవాలి. ఆ నియమం పాటిస్తూ అణువులు పేర్చుకుంటూ పోతే మధ్య మధ్య ఆరు భుజాల ఖాళీ సందులు మిగులుతాయి. కరిగినప్పుడు బంధాలన్నీ తెగిపోవు. కొన్ని తెగుతాయి, కొన్ని వంగుతాయి. ఆ సడలింపులో దూరంగా ఉన్న అణువులు ఖాళీ సందుల్లోకి జొరబడతాయి. బంధాలు తెగడానికి వేడి ఖర్చవుతుంది, సందులు నిండటంతో ఘనపరిమాణం తగ్గుతుంది. క్లాపేరాన్ సూత్రంలోని రెండు కొలతలూ పుట్టింది ఈ ఒక్క మార్పులోనే. ఒత్తిడి పెంచితే తక్కువ చోటు పట్టే రూపానిదే పైచేయి అవుతుంది, నీటి విషయంలో ఆ రూపం ద్రవం.

సూత్రాన్ని తిప్పి చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే, మూసిన పాత్రలో ఇరుక్కున్న మంచు వంద అట్మాస్ఫియర్లకు పైగా నెట్టగలదు. 1784-85 శీతాకాలాల్లో కెనడాలోని క్విబెక్‌లో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే ఫిరంగి దళ అధికారి ఇనుప బాంబు గుళ్లను నీటితో నింపి, ఇనుప బిరడాలు బిగగొట్టి, ఆరుబయట చలిలో వదిలేశాడు. నీరు గడ్డకట్టగానే బిరడాలు వందల అడుగుల దూరం ఎగిరిపడ్డాయి. బిరడా కదలకుండా బిగిస్తే గుండే పగిలింది. అసలు పగలని పాత్ర దొరికితే? మైనస్ 5 డిగ్రీల దగ్గర లోపలి పీడనం సుమారు 600 అట్మాస్ఫియర్లకు చేరి అక్కడ ఆగిపోతుంది. ఆ పీడనం దగ్గర మైనస్ 5 డిగ్రీలే కరిగే స్థానం కాబట్టి, మిగిలిన నీరు ఇక గడ్డకట్టదు.

చేతికందే ప్రయోగం ఒకటుంది. పెద్ద ఐసు దిమ్మను రెండు బల్లల మధ్య వంతెనలా పెట్టి, దాని మీదుగా సన్నని తీగ వేసి, రెండు కొసలకూ బరువులు వేలాడదీస్తారు. తీగ మెల్లగా దిమ్మను కోసుకుంటూ కిందికి దిగిపోతుంది, దిమ్మ మాత్రం రెండు ముక్కలు కాదు. తీగ కింద ఒత్తిడికి మంచు కరుగుతుంది, ఆ నీరు పక్కల నుంచి తీగ పైకి చేరి, ఒత్తిడి లేక మళ్లీ గడ్డకడుతుంది. దీన్నే పునర్ఘనీభవనం అంటారు. ఒక మిల్లీమీటరు తీగ, పది సెంటీమీటర్ల వెడల్పు దిమ్మ, మొత్తం పది కిలోల బరువు అనుకుంటే ఒత్తిడి పది అట్మాస్ఫియర్ల లోపే ఉంటుంది. కరిగే స్థానం తగ్గేది 0.07 డిగ్రీలు. కాబట్టి దిమ్మ సున్నా డిగ్రీల దగ్గర, చెమర్చినట్టు తడిగా ఉన్నప్పుడే ఇది సాగుతుంది. మైనస్ 10 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే తీగ ఉన్నచోటే ఉండిపోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. కింద కరగడానికి కావలసిన వేడి, పైన గడ్డకట్టేటప్పుడు వెలువడే వేడి నుంచే, తీగ గుండా రావాలి. అందుకే రాగి తీగ చురుగ్గా దిగుతుంది, నైలాన్ దారం బాగా వెనకబడుతుంది. అయితే లోహపు తీగ కొసల నుంచి గది వేడి కూడా లోపలికి పాకుతుంది. వేడి గదిలో చేసిన ప్రయోగంలో తీగ మరీ వేగంగా దిగితే, పనిచేసేది ఒత్తిడి కన్నా ఆ వేడే అని అనుమానించాలి.

ఈ అంకెలు తెలిస్తే, ఎన్నో పుస్తకాల్లో చోటు చేసుకున్న ఒక వివరణ నిలబడదని కూడా తెలుస్తుంది. మంచు మీద స్కేటింగ్ చేసేవాళ్లు జారడానికి కారణం, వాళ్ల బరువుకు బ్లేడు కింద మంచు కరిగి నీటి పొర ఏర్పడటమే అని రాస్తుంటారు. అరవై కిలోల మనిషి, మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న బ్లేడు, మంచును తాకే పొడవు పది సెంటీమీటర్లు అనుకుందాం. ఒత్తిడి 20 అట్మాస్ఫియర్లు కూడా రాదు. కరిగే స్థానం తగ్గేది 0.15 డిగ్రీలు. స్కేటింగ్ రింకుల్లో మంచు మైనస్ 5 డిగ్రీలో, అంతకన్నా చల్లగానో ఉంటుంది. దాన్ని ఒత్తిడితోనే కరిగించాలంటే మనిషి బరువంతా పది చదరపు మిల్లీమీటర్ల మీదే ఆనాలి. రాపిడి వల్ల పుట్టే వేడి పాత్ర పెద్దదని బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు 1939లో చూపించారు. సున్నా కన్నా కొన్ని డిగ్రీలు కిందున్నా మంచు పైపొరలో అణువులు లోపలి వాటిలా బిగుసుకుని ఉండవన్న సంగతి కూడా ఇప్పుడు బాగా తెలుసు. ఆ ఆలోచన మైకేల్ ఫారడేది, ఆయన దాన్ని 1850లోనే ముందుకు తెచ్చాడు. వెనక్కి వాలిన గీత నిజమే, అయితే స్కేటరును జార్చేంత వాలు దానికి లేదు.

మనిషి బరువు చాలని చోట కిలోమీటర్ల మంచు బరువు సరిపోతుంది. అంటార్కిటికాలోని వోస్తోక్ దగ్గర 1983 జూలై 21న మైనస్ 89.2 డిగ్రీలు నమోదైంది. అంత చలి కింద, మంచు పలక అడుగున ఒక పెద్ద సరస్సు ఉంది. 2012 ఫిబ్రవరిలో రష్యన్ బృందం 3,769 మీటర్ల మంచును తొలిచి దాని నీటిని తాకింది. అంత మందం మంచు బరువు 330 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. దాన్ని 133తో భాగిస్తే, అడుగున మంచు కరిగేది సుమారు మైనస్ 2.5 డిగ్రీల దగ్గర అని తేలుతుంది. ఇక్కడ కూడా గీత ఒంటరిగా పనిచేయడం లేదు. భూగర్భం నుంచి నిరంతరం పైకి వచ్చే వేడిని ఆ మందపాటి మంచు దుప్పటి బయటకు పోనివ్వకుండా ఆపి, అడుగును ఆ ఉష్ణోగ్రత దాకా తెస్తుంది. చివరి రెండున్నర డిగ్రీలు మాత్రం ఒత్తిడి ఇచ్చిన తగ్గింపు.

ఇంతవరకూ 133 అనే సంఖ్యను స్థిరంగా వాడుకున్నాం. నిజానికి అది సున్నా డిగ్రీల దగ్గరి వాలు మాత్రమే. పీడనం బాగా పెరిగితే నీరు మంచు కన్నా ఎక్కువగా కుదించుకుపోతుంది, అందువల్ల రెండింటి ఘనపరిమాణాల తేడా ఇంకా పెరుగుతుంది. చల్లబడేకొద్దీ కరగడానికి పట్టే వేడి తగ్గుతుంది. లవం తగ్గి హారం పెరిగితే గీత నిటారుతనం తగ్గి మరింత వెనక్కి ఒరుగుతుంది. స్థిరమైన వాలుతో లెక్కకడితే మైనస్ 10 డిగ్రీలకు 1,330 అట్మాస్ఫియర్లు కావాలి. నిజంగా కావలసింది సుమారు 1,100. గీత మొదట్లో ఉన్న వాలును చివరి దాకా సాగదీసి చదివితే ఇలాగే తప్పు పెరుగుతూ పోతుంది.

వెనక్కి వాలడానికి ఒక హద్దు కూడా ఉంది. సుమారు 2,070 అట్మాస్ఫియర్ల దగ్గర, మైనస్ 22 డిగ్రీల వద్ద గీత ఆగిపోతుంది. అంతకు మించి నొక్కితే మామూలు మంచులోని ఖాళీ సందులు నిలవలేవు. అణువులు మరింత ఇరుకుగా పేర్చుకుని ఐస్ 3 అనే వేరే రకం మంచు అవుతాయి. నాలుగు బంధాల నియమం అప్పుడూ ఉంటుంది, కాకపోతే కోణాలు వంగి సందులు మూసుకుపోతాయి. ఈ మంచు తన చుట్టూ ఉన్న నీటికన్నా సాంద్రమైనది. అది కరిగితే ఘనపరిమాణం పెరుగుతుంది, ΔV ధనాత్మకం అవుతుంది, గీత కుడికి తిరుగుతుంది. ద్రవరూపంలో మామూలు మంచుతో సమతాస్థితిలో నిలిచే నీటికి మైనస్ 22 డిగ్రీలే అట్టడుగు.

ఆ మలుపును దాటి చాలా దూరం కొలిచినవాడు హార్వర్డ్ భౌతిక శాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్. 1912లో ఆయన నీటిని ద్రవంగానూ, అయిదు రకాల మంచుగానూ కొలిచి ఫలితాలు ప్రచురించాడు. ప్రతి గీత మీదా ఘనపరిమాణం మార్పును కొలిచి, గీత వాలును చదివి, అదే సూత్రాన్ని తిరగేసి గుప్తోష్ణాన్ని రాబట్టాడు. వేడిని విడిగా కొలవాల్సిన అవసరం రాలేదు. 6,000 అట్మాస్ఫియర్లు దాటాక వచ్చే ఐస్ 6 గీత సున్నా డిగ్రీలను దాటి కుడికి సాగుతూనే ఉంటుంది. దాదాపు 9,500 అట్మాస్ఫియర్ల దగ్గర 25 డిగ్రీల గది వేడిలోనే నీరు గడ్డకడుతుంది. 20,000 దాటితే 70 డిగ్రీల పైన కూడా అది మంచే. ఆ మంచు నీటిలో మునుగుతుంది.